కలలో కనిపించిన రూపం, కలలో వినిపించిన మాట

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. తెలుగులో మాట్లాడుతుంటే మధ్య మధ్య మా ఉర్దూ తొంగి చూస్తుంది, మన్నించాలి. ఈ పూట మనం ఖ్వాబ్ గురించి, అంటే కల గురించి చెప్పుకుందాం. కలలన్నిటి గురించీ కాదు. మన మహాప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు కలలో కనిపించడమనే ఒక్క విషయం మాత్రమే. ఎందుకంటే ఇది మన ఇళ్ళల్లో నిజంగా జరిగే సంగతి. ఫజర్ నమాజు తర్వాత ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి కళ్ళు తుడుచుకుంటూ "రాత్రి హుజూర్ కనిపించారు" అని మెల్లగా చెబుతుంది. విన్నవాళ్ళ ఒళ్ళు పులకరిస్తుంది. అక్కడి దాకా అంతా శుభమే. ఆ తర్వాత "ఏమన్నారు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జాగ్రత్త పడవలసింది సరిగ్గా అక్కడే.

ముందుగా హదీసు ఏం చెబుతోందో చూద్దాం. సహీ బుఖారీలోనూ, సహీ ముస్లింలోనూ వున్న హదీసు ఇది. దాని భావం యేమిటంటే, ఎవరైతే నన్ను కలలో చూశారో వారు నన్నే చూశారు, షైతాను నా రూపం ధరించలేడు అని. ఎంత గొప్ప హామీ! పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత పుట్టిన మనలాంటి వాళ్ళకి కూడా ఆ ముఖం చూసే దారి మూసుకుపోలేదన్న మాట. అందుకే మన పెద్దలు ఇలాంటి కలను తేలిగ్గా తీసుకోలేదు, ఎగతాళి చెయ్యలేదు.

అయితే హామీ దేనికి ఇచ్చారో నిదానంగా గమనించాలి. షైతాను ఆ రూపంలోకి రాలేడని చెప్పారు. వేరే ఏదో రూపంలో వచ్చి "నేనే ఫలానా" అని అనుకునేట్టు చెయ్యలేడని చెప్పలేదు. నిద్రపోయేవాడి చెవి తప్పు వినదనీ, లేచిన తర్వాత వాడి జ్ఞాపకం తప్పు పట్టదనీ అసలే చెప్పలేదు. హామీ రూపానికి వుంది, మన చెవికి లేదు. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే ఇవాళ మేము చెప్పేదంతా మీకు సులువుగా తెలుస్తుంది.

కాబట్టి ఇలాంటి కల వచ్చినప్పుడు ప్రశ్నలు రెండు. ఒకటి, కనిపించింది ఎవరు? రెండోది, వినిపించిన మాటను ఏం చెయ్యాలి?

మొదటి ప్రశ్నను మన పూర్వులు ఎలా విచారించేవారో ఇమాం తిర్మిజీ తన షమాయిల్ గ్రంథంలో రాసి పెట్టారు. ఆయన హిజ్రీ 279లో, అంటే క్రీ.శ. 892లో పరమపదించారు. ప్రవక్త వారి ఎత్తు, రంగు, జుట్టు, నడక, భోజనం, నవ్వు, ఇలా ఒక్కొక్క దానికీ ఒక్కొక్క అధ్యాయం పెట్టి, ఆ పుస్తకం చివరి అధ్యాయాన్ని ప్రవక్త వారిని కలలో చూడడానికే కేటాయించారు. రూపం సంగతులన్నీ అయ్యాక కల సంగతి చివర పెట్టడంలో వరుస వుంది. రూపం తెలియకుండా కలను పరీక్షించలేం కదా!

ఆ అధ్యాయంలో యజీద్ ఫారిసీ అనే ఆయన కథ వుంది. ఆయన ఖురాన్ ప్రతులు రాసే లేఖకుడు. ప్రవక్త వారి కాలం దాటిపోయిన తర్వాత ఆయనకు కల వచ్చింది. వెళ్ళి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ వారితో చెప్పుకున్నారు. ఇబ్నె అబ్బాస్ ప్రవక్త వారి పినతండ్రి కుమారుడు, చిన్నతనంలో ఆయన్ని కళ్ళారా చూసినవారు. ఆయన ముందు మనం చెప్పుకున్న హదీసు గుర్తు చేశారు. ఆ తర్వాత "అలాగా, సంతోషం" అని ఊరుకోలేదు. "నువ్వు చూసిన ఆయన్ని వర్ణించగలవా?" అని అడిగారు. యజీద్ చెప్పారు: మధ్యస్థమైన ఎత్తూ ఒళ్ళూ, తెలుపు వైపు మొగ్గిన చామన రంగు, సుర్మా పెట్టినట్టున్న కళ్ళు, అందమైన నవ్వు, గుండ్రని తీరైన ముఖం, ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా నిండిన గడ్డం అని చేత్తో చూపించారు. అంతా విన్న తర్వాత ఇబ్నె అబ్బాస్ వారు, నువ్వు మెలకువలో చూసి వుంటే కూడా ఇంతకంటే బాగా వర్ణించలేవు అన్న భావంతో జవాబిచ్చారు.

కలల భావం చెప్పడంలో పేరు పొందిన ఇమాం ఇబ్నె సీరీన్ వారి పద్ధతి కూడా ఇదే. ఆయన బస్రా నగరంలో వుండేవారు, క్రీ.శ. 729లో పోయారు. ఎవరైనా వచ్చి ప్రవక్త వారిని చూశామంటే, చూసిన రూపం చెప్పమనేవారు. తెలిసిన రూపానికి సరిపోకపోతే నువ్వు ఆయన్ని చూడలేదు అనేసేవారు. ఇప్పుడు బజార్లో ఆయన పేరు మీద అమ్ముడయ్యే కలల పుస్తకాలు ఆయన స్వయంగా రాసినవి కావు, తర్వాతి కాలం వాళ్ళు కూర్చి ఆయన పేరు పెట్టినవి. "పాము కనిపిస్తే శత్రువు, పాలు కనిపిస్తే విద్య" అని పట్టికలాగా చూసుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. అసలు ఇబ్నె సీరీన్ చేతిలో పట్టిక కాదు, ప్రశ్న వుండేది.

మన ఇళ్ళల్లో కల చెప్పేవాళ్ళు తరచుగా "పొడుగాటి తెల్ల గడ్డం, ఆకుపచ్చ పాగా, ముసలి ముఖం" అంటుంటారు. షమాయిల్ చూడండి. ప్రవక్త వారి తల, గడ్డం కలిపి తెల్ల వెంట్రుకలు ఇరవై కూడా లేవని హజ్రత్ అనస్ చెప్పారు. ఆయన పదేళ్ళు దగ్గరుండి సేవ చేసిన మనిషి. మరి ఆ పూర్తి తెల్ల గడ్డం ఎక్కణ్ణుంచి వచ్చింది? పోయిన తాతగారి ముఖం కావచ్చు, గోడ మీద క్యాలెండర్లో చూసిన ఏ పీరు గారి బొమ్మో కావచ్చు. మనసు తనకు తెలిసిన బొమ్మతోనే తనకు ఇష్టమైన పేరును కలిపేస్తుంది.

అలాగని ఎదుటివాళ్ళ కలను మనం కొట్టిపారెయ్యకూడదు సుమా! ఉలమాల్లో ఇక్కడ రెండు అభిప్రాయాలు వున్నాయి. తెలిసిన రూపంలో చూస్తేనే చూసినట్టు అని ఇబ్నె సీరీన్ లాంటి వారన్నారు. ఇమాం నవవీ లాంటి వారు రూపం కొంచెం మారి కనిపించినా చూసినట్టే అన్నారు. ఆ మార్పు చూసేవాడి స్థితిని బట్టి వస్తుందని వివరించినవాళ్ళూ వున్నారు, మసకబారిన అద్దంలో ముఖం మసకగా కనిపించినట్టు. ఇంత పెద్ద వాళ్ళే రెండు మాటలు చెప్పిన చోట, ఒక ముసలమ్మ కన్నీళ్ళ మీద తీర్పు చెప్పడానికి మనమెవరం? "అల్లాహ్ మేలు చేయుగాక" అనాలి, అంతే. చూసిన ఆమె కూడా "నాకు అలా అనిపించింది" అంటే చాలు. ఒట్టు పెట్టుకోవలసిన అవసరం లేదు.

ఇక రెండో ప్రశ్న. రూపం సరిపోయిందనే అనుకుందాం. వినిపించిన మాటను ఏం చెయ్యాలి?

దీనికి మన ఫిఖ్ గ్రంథాల్లో ఒక ముచ్చటైన ఉదాహరణ చెబుతారు. ఒక మనిషికి ప్రవక్త వారు కలలో కనిపించి, ఫలానా చోట తవ్వు, అక్కడ పాతిపెట్టిన నిధి వుంది, అది తీసుకో, నువ్వు ఖుమ్స్ ఇవ్వనక్కర్లేదు అన్నట్టుగా వినిపించింది. ఖుమ్స్ అంటే అయిదో వంతు. పూర్వకాలం నాటి పాతు దొరికితే అందులో అయిదో వంతు ప్రజల ఖజానాకు చెల్లించాలని షరీఅత్ నియమం. నూరు బంగారు నాణాలు దొరికితే ఇరవై ఖజానాకు, ఎనభై దొరికినవాడికి అన్న లెక్క. ఆ మనిషి వెళ్ళి తవ్వాడు. నిధి నిజంగానే దొరికింది! ఇప్పుడు అయిదో వంతు ఇవ్వాలా, అక్కర్లేదా? ఉలమాలను అడిగాడు. కొందరు, కల నిజమైంది కదా, చోటు చెప్పింది నిజమైనప్పుడు మినహాయింపు కూడా నిజమే, ఇవ్వనక్కర్లేదు అన్నారు.

అప్పుడు షేక్ ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలాం వారు, కాదు, అయిదో వంతు ఇచ్చి తీరాలి అన్నారు. ఈయన మొదట డమాస్కస్ లోనూ తర్వాత కైరోలోనూ వున్న గొప్ప పండితుడు, 1262లో పోయారు. ఆయన చెప్పిన కారణం వినండి. నీ కలకు మేము ఎంత గౌరవం ఇచ్చినా, మంచి సనదుతో వచ్చిన ఒక హదీసుతో సమానమని మాత్రమే అనగలం. అంతకు మించి ఇవ్వలేం. దానికి ఎదురుగా పాతు నిధిలో అయిదో వంతు ఇవ్వాలనే హదీసు వుంది. అది మెలకువగా వున్న మనుషులు విని, మెలకువగా వున్న మనుషులకు అప్పగించి, బుఖారీ ముస్లిం రెండిట్లోనూ చేరిన హదీసు. రెండూ ఢీకొన్నప్పుడు గట్టిదే నిలుస్తుంది.

ఈ తీర్పులో వున్న మర్యాద గమనించారా? ఆయన ఆ మనిషిని అబద్ధాలకోరు అనలేదు. నీ కల షైతాను పని అనలేదు. దొరికిన నిధి వుంచుకోవద్దనీ అనలేదు. కలకు వున్న చోటు కలకు ఇచ్చారు, ధర్మానికి వున్న చోటు ధర్మానికి ఇచ్చారు. పేదవాళ్ళకు చేరవలసిన ఆ ఇరవై నాణాలు ఒక నిద్ర వల్ల ఎగిరిపోకుండా చూశారు.

ఇమాం నవవీ వారు 1277లో పోయారు. ఆయన మన అందరికీ తెలిసిన ఇంకొక ఉదాహరణ తీసుకున్నారు. షాబాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మబ్బు పట్టింది, నెలవంక కనబడలేదు. ఆ రాత్రి ఒక మనిషికి ప్రవక్త వారు కలలో కనిపించి, రేపటి నుంచి రంజాన్ అన్నారు. తెల్లవారి రోజా మొదలు పెట్టాలా? ఆ కల ఆధారంగా పెట్టకూడదు అన్నారు నవవీ. కలలో చూడడం సత్యమే కావచ్చు. అయితే ఒక సాక్ష్యం చెల్లాలంటే చెప్పేవాడు మెలకువగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని విన్నవాడై వుండాలి. నిద్రపోయేవాడికి ఆ స్థితి లేదు. ఉర్దూ చదివిన పిల్లలకు ఇక్కడ ఒక చిన్న పాఠం. కంటితో చూడడాన్ని రూయత్ అంటాం, కలను రుయా అంటాం. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. అయినా నెల ప్రకటించడానికి రూయతె హిలాల్ కావాలి, రుయా చాలదు.

మరి కలలో మంచి మాటే వినిపిస్తే? నమాజు సరిగ్గా చెయ్యమనీ, తల్లికి సేవ చెయ్యమనీ, పక్కింటి వాళ్ళతో సర్దుకోమనీ వినిపిస్తే? చెయ్యవలసిందే, అందులో తగాదా లేదంటారు నవవీ. ఎందుకంటే అవి కల రాకముందు కూడా చెయ్యవలసిన పనులే. కల ఒక తట్టి లేపడం మాత్రమే.

అజాన్ సంగతి చూడండి. మనం రోజుకు అయిదుసార్లు వినే అజాన్ మాటలు మొదట హజ్రత్ అబ్దుల్లా బిన్ జైద్ కలలో విన్నవే. ఇది చూపించి, కలతో ధర్మం వస్తుంది కదా అని వాదించేవాళ్ళు వున్నారు. కాని ఆయన కల చూసి లేచి నేరుగా వెళ్ళి అజాన్ ఇవ్వలేదు. ప్రవక్త వారి దగ్గరకు వెళ్ళి చెప్పారు. ఆయన ఇది సత్యమైన కల అని ఆమోదించి, హజ్రత్ బిలాల్‌కు నేర్పించమన్న తర్వాతే అది అజాన్ అయింది. ఆ ఆమోదముద్ర వేసే మనిషి ఇప్పుడు మన మధ్య లేరు. కలకూ ఆజ్ఞకూ మధ్య వున్న ఆ మెట్టు ఎక్కించేవారు ఇక ఎవరూ రారు.

ఈ మెట్టు దాటి దూకితే ఏమవుతుందో మన కాలం వాళ్ళు చూశారు. 1979 నవంబరు 20న, అంటే హిజ్రీ 1400 ముహర్రం మొదటి రోజున, మక్కాలోని మస్జిదె హరాంను ఒక సాయుధ ముఠా ఫజర్ వేళ ఆక్రమించింది. జుహైమాన్ అనేవాడు వాళ్ళ నాయకుడు. తమలో వున్న ముహమ్మద్ ఖహ్తానీ అనే యువకుడే రాబోయే మహదీ అని వాళ్ళు ప్రకటించారు. దానికి వాళ్ళు చూపిన పెద్ద ఆధారాల్లో ఒకటి, తమ వాళ్ళల్లో చాలా మందికి అలా కల రావడం. చాలా మందికి ఒకే కల వస్తే అబద్ధం ఎలా అవుతుందని వాళ్ళ ధీమా. రాత్రింబవళ్ళు ఒకే మాట చెప్పుకునే వాళ్ళకి ఒకే కల రావడంలో వింత ఏముంది? ముట్టడి ముగియకముందే ఆ మహదీ అన్నవాడు చనిపోయాడు. రెండు వారాలు ఆ పవిత్ర స్థలంలో తుపాకులు పేలాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే రెండు వందల మందికి పైగా పోయారు. వాళ్ళలో నమాజుకు వచ్చిన యాత్రికులూ వున్నారు.

అది దూరపు సంగతి అనుకోకండి. మన గుమ్మంలోకి వచ్చేది ఒకటుంది. అదే షేక్ అహ్మద్ వసియ్యత్ నామా. మీలో చూడనివాళ్ళు తక్కువ. మదీనాలో ప్రవక్త వారి సమాధి దగ్గర సేవకుడు షేక్ అహ్మద్‌కు కల వచ్చిందనీ, ఈ వారంలో ఇన్ని వేల మంది ఈమాన్ లేకుండా చనిపోయారని ప్రవక్త వారు బాధపడ్డారనీ, దీన్ని అచ్చు వేయించి పంచినవాడి అప్పు తీరుతుందనీ, నమ్మని వాడికి కష్టం వస్తుందనీ అందులో వుంటుంది. మునుపు కరపత్రంగా వచ్చేది, ఇప్పుడు ఫోనులో వస్తోంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కైరోలో రషీద్ రిజా అనే పండితుడు దీన్ని ఖండిస్తూ రాశారు. తర్వాత సౌదీ అరేబియాలో షేక్ ఇబ్నె బాజ్ వారు ఆ షేక్ అహ్మద్ బంధువులనే వాకబు చేస్తే, ఆయన ఎప్పుడో పోయారనీ, ఇది ఆయన చెప్పిన మాట కాదనీ తేలింది. అంటే నూరేళ్ళు దాటినా ఆ సేవకుడు ఇంకా "నిన్న రాత్రి" కల కంటూనే వున్నాడు!

ఇలాంటి కాగితాన్ని పట్టుకునే గుర్తులు మూడు. తేదీ వుండదు, వున్నా ప్రతిసారీ మారుతుంది. చెప్పినవాడు ఎవరో, ఎవరి ద్వారా వచ్చిందో అడిగితే జవాబు వుండదు. ధర్మంలో లేని కొత్త పని ఒకటి నెత్తిన పెట్టి, చెయ్యకపోతే నష్టమని బెదిరింపు వుంటుంది. నిజమైన కల శుభవార్త. శుభవార్తకు బెదిరింపుతో పనిలేదు. లేని కలను చూశానని చెప్పేవాడికి పరలోకంలో రెండు బార్లీ గింజలను ముడి వెయ్యమనే శిక్ష వుంటుందని, వాడు ఎన్నటికీ ముడి వెయ్యలేడని హదీసులో వచ్చింది. గింజకూ గింజకూ ముడి పడదు. అబద్ధపు కలకూ ధర్మానికీ అంతే.

చివరగా మా మొహల్లా సంగతి ఒకటి చెబుతాం. ఒక ఇంటి కోడలికి క్షయ వచ్చింది. ఆరు నెలలు విడవకుండా మాత్రలు మింగాలని డాక్టరు చెప్పారు. మూడో నెలలో దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. ఆ సమయంలోనే ఆమెకు కల వచ్చింది. ప్రవక్త వారు నవ్వుతూ కనిపించి, నీ జబ్బు పోయింది అన్నారట. మర్నాటి నుంచి మాత్రలు ఆపేసింది. ఇంకా మింగితే ఆయన మాట నమ్మనట్టు అవుతుందని ఆమె భయం. అత్తగారు ఆమెను మస్జిదుకు వచ్చే ఒక పెద్ద మౌల్వీ సాహెబ్ దగ్గరకు తీసుకువెళ్ళింది.

ఆయన కల అంతా ఓపిగ్గా విన్నారు. "ముబారక్ బేటీ, చాలా మంచి కల" అన్నారు. తర్వాత "మాత్రలు ఆపమని హుజూర్ అన్నారా?" అని అడిగారు.

"లేదు మౌల్వీ సాబ్, జబ్బు పోయిందన్నారు."

"మరి ఆపమన్నది ఎవరు?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. కొంచెం సేపటికి "నేనే అనుకున్నాను" అంది.

"పోయింది అన్నది పోతుందన్న శుభవార్త కావచ్చు తల్లీ. మందు వాడమని చెప్పింది కూడా హుజూరే. ఆ మాట మెలకువలో చెప్పారు. ఇవాళే మళ్ళీ మొదలుపెట్టు. ఎన్ని రోజులు మానావో డాక్టరుకు దాచకుండా చెప్పు" అన్నారు.

ఆమె వెళ్ళింది. తెమడ పరీక్ష మళ్ళీ చేయించారు, మందు కోర్సు పూర్తి చేసింది. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. క్షయ మాత్రలు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఒక్కోసారి ఆ మందులకే లొంగకుండా మొండికేస్తుంది, ఇంట్లో పసిపిల్లలకు అంటుతుంది. చూడండి, షేక్ ఇజ్జుద్దీన్ నిధి విషయంలో చెప్పిందే మౌల్వీ సాహెబ్ మాత్రల విషయంలో చెప్పారు. కలను కాదనలేదు, మెలకువలో తెలిసినదాన్ని వదలనివ్వలేదు. ఆయన వేసిన ఆ ప్రశ్న మనం ప్రతి కలకూ వేసుకోవచ్చు. విన్నది ఏది? దానికి మనం కలుపుకున్నది ఏది?

మరి కల వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ప్రవక్త వారే నేర్పారు. మంచి కల వస్తే అల్లాహ్‌ను స్తుతించాలి, మనల్ని ప్రేమించేవారికే చెప్పుకోవాలి. చెడ్డ కల వస్తే ఎడమ పక్కకు మూడుసార్లు ఉఫ్ అని తుప్పర వేసి, అల్లాహ్ శరణు కోరి, పక్క మార్చి పడుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. అది హాని చెయ్యదు. ఇంతే. ఇందులో సంబంధాలు ఖాయం చెయ్యడం లేదు, ఆస్తులు పంచడం లేదు, పక్కవాడి మీద నేరం మోపడం లేదు.

ఒక్క మాట, కల రాని వాళ్ళ కోసం. ఎన్నో ఏళ్ళు దరూద్ చదివినా ఒక్కసారి కూడా చూడలేదని కుమిలిపోయేవాళ్ళు మనలో వున్నారు. చూడడం అల్లాహ్ ఇచ్చే కానుక, మనం సంపాదించే జీతం కాదు. చూసినవాడు పెద్దవాడూ కాదు, చూడనివాడు చిన్నవాడూ కాదు. చూసినవాళ్ళు నోరు తగ్గించుకుని నడవడి సరిచేసుకుంటే ఆ కల వాళ్ళకి మేలు చేసినట్టు. చూడనివాళ్ళకి కూడా ఆయన మెలకువలో చెప్పిన మాటలన్నీ అందే వున్నాయి.

వస్సలామ్.